బ్యాంకు క్రెడిట్ అంటుంటే మనం డెబిట్ ఎందుకు రాస్తాం? బీకాం ఫస్టియర్ విద్యార్థినికి ఒక అకౌంట్స్ టీచర్ ఉత్తరం

"మేడం, ఇంటర్లో నాది బైపీసీ. ఇప్పుడు నెల్లూరులో బీకాం ఫస్టియర్. డబ్బు వస్తే డెబిట్ అని క్లాసులో చెప్పారు. మా మామయ్యకి విడవలూరులో రొయ్యల మేత షాపు ఉంది. ఆయన అకౌంట్లో డబ్బు పడితే ఫోనుకి 'క్రెడిటెడ్' అని మెసేజ్ వస్తుంది. ఏది కరెక్టు? పైగా డబ్బు వచ్చినా డెబిటే, అద్దె కట్టినా డెబిటే అంటున్నారు. రూల్స్ మూడూ బట్టీ పట్టాను. అయినా లెక్క ఇస్తే సగం తిరగేసి రాస్తున్నాను. పరీక్షలంటే టెన్షన్‌గా ఉంది."

అమ్మా,

రెండూ కరెక్టే. మెసేజ్‌లో వచ్చింది బ్యాంకు తన పుస్తకంలో రాసుకున్న మాట. క్లాసులో చెప్పింది మీ మామయ్య తన పుస్తకంలో రాసుకోవాల్సిన మాట. పుస్తకాలు రెండు కాబట్టి మాటలూ రెండయ్యాయి. ఇది మనసుకు ఎక్కితే నీ తికమక చాలావరకు తీరిపోతుంది. అందుకే ఉత్తరంలో ఎక్కువ భాగం దీని మీదే రాస్తున్నాను.

ముందు ఒక పని చెయ్యి. డెబిట్ అంటే డబ్బు పోవడం, క్రెడిట్ అంటే డబ్బు రావడం అని ఫోను మెసేజ్‌లు చూసి మనకు అలవాటైపోయింది. ఆ అర్థాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టు. అకౌంట్స్‌లో డెబిట్ అంటే ఖాతాకు ఎడమ వైపు, క్రెడిట్ అంటే కుడి వైపు. అంతకు మించి ఏమీ లేదు. ఎడమ మంచిదీ కాదు, కుడి చెడ్డదీ కాదు. ఏ ఖాతా ఎటువైపు పెరుగుతుందో తెలుసుకోవడమే మనం చేయాల్సింది.

మీ మామయ్య షాపులో రైతుల ఖాతా పుస్తకం ఉంటుంది. చెరువులో పిల్ల వేసిన దగ్గర నుంచి పట్టుబడి దాకా మేత అరువు మీద వెళ్తుంది కదా, ఆ బాకీలు రాసేది అందులోనే. ఒకసారి తీసి ఒక రైతు పేజీ చూడు. అతను తీసుకెళ్లిన మేత ఒక వరసలో, కట్టిన డబ్బు ఇంకో వరసలో ఉంటుంది. తీసుకెళ్లింది ఎడమ వైపు, కట్టింది కుడి వైపు రాస్తే నీ క్లాసులో బోర్డు మీద గీసే ఖాతా అదే. ఎడమ మొత్తం ఎక్కువగా ఉంటే ఆ రైతు మనకు బాకీ. కుడి ఎక్కువైతే, అంటే ముందుగానే ఎక్కువ కట్టేసి ఉంటే, మనమే అతనికి బాకీ. మేత తీసుకున్నప్పుడు అతని ఖాతాకు డెబిట్ రాస్తాం, కట్టినప్పుడు క్రెడిట్ రాస్తాం. ఇందులో నీకు అనుమానం రాదు. తరాలుగా కొట్లలో రాస్తున్న పద్ధతే ఇది.

ఇప్పుడు అదే పేజీని ఆ రైతు వైపు నుంచి చూడు. డబ్బు కట్టినప్పుడు షాపు పుస్తకంలో అతని పేరు క్రెడిట్ అయింది. బ్యాంకు చేసేదీ సరిగ్గా ఇంతే. మీ మామయ్య తన కరెంట్ అకౌంట్లో డబ్బు వేస్తే, బ్యాంకు పుస్తకంలో మీ మామయ్య ఖాతా క్రెడిట్ అవుతుంది. ఆ డబ్బు ఎప్పుడడిగినా బ్యాంకు తిరిగి ఇవ్వాలి, అంటే బ్యాంకు ఆయనకు బాకీ. అందుకే డబ్బు పడితే క్రెడిటెడ్ అని, తీస్తే డెబిటెడ్ అని మెసేజ్ వస్తుంది. బ్యాంకు తన లెక్కను తన వైపు నుంచి చదివి మనకు వినిపిస్తోంది. పాస్‌బుక్కూ స్టేట్‌మెంటూ కూడా అంతే, అవి బ్యాంకు పుస్తకంలో మన పేజీకి నకళ్లు.

ఒక చెల్లింపును తీసుకుని మూడు పుస్తకాల్లోనూ రాసి చూద్దాం. పట్టుబడి అయ్యాక ఒక రైతు మేత బాకీ కింద 1,80,000 రూపాయలు తన బ్యాంకు ఖాతా నుంచి మీ మామయ్య ఖాతాకు పంపాడనుకో. ఇద్దరికీ ఒకే బ్యాంకులో ఖాతాలున్నాయి.

మీ మామయ్య పుస్తకంలో బ్యాంకు ఖాతా డెబిట్, రైతు ఖాతా క్రెడిట్. బ్యాంకులో ఉన్న తన డబ్బు పెరిగింది, రైతు నుంచి రావాల్సింది తగ్గింది.

రైతు కూడా లెక్కలు రాసుకునేవాడైతే అతని పుస్తకంలో షాపు ఖాతా డెబిట్, బ్యాంకు ఖాతా క్రెడిట్. షాపుకు కట్టాల్సిన బాకీ తగ్గింది, బ్యాంకులో ఉన్న డబ్బూ తగ్గింది.

బ్యాంకు పుస్తకంలో రైతు ఖాతా డెబిట్, మీ మామయ్య ఖాతా క్రెడిట్. రైతుకు బ్యాంకు ఇవ్వాల్సింది తగ్గింది, మీ మామయ్యకు ఇవ్వాల్సింది పెరిగింది.

జరిగింది ఒక్కటే, కదిలింది ఒకే 1,80,000. ప్రతి పుస్తకంలోనూ ఒక డెబిట్, ఒక క్రెడిట్ ఉన్నాయి. మీ మామయ్య పుస్తకంలో బ్యాంకు డెబిట్ అయితే, బ్యాంకు పుస్తకంలో మీ మామయ్య క్రెడిట్. ఒకరి దగ్గర రావాల్సిన బాకీగా ఉన్నది ఎదుటివాళ్ల దగ్గర ఇవ్వాల్సిన బాకీగా ఉంటుంది కాబట్టి ఇలా ఎదురుబొదురుగా తప్ప ఇంకోలా ఉండటానికి వీల్లేదు. రేపు బ్యాంకు సమన్వయ పట్టిక పాఠం వచ్చినప్పుడు, నగదు పుస్తకంలో డెబిట్ నిల్వ అంటే పాస్‌బుక్కులో క్రెడిట్ నిల్వ అని చెబుతారు. దానికి మూలం ఇదే. ఇది అర్థం కాకుండా ఆ పాఠంలో దేన్ని కలపాలో దేన్ని తీసేయాలో బట్టీ పట్టే పిల్లల్ని ఏటా చూస్తూనే ఉంటాను.

కాబట్టి లెక్క చేతికి రాగానే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న 'ఎవరి పుస్తకం?'. పరీక్షలో 'ఫలానా వారి పుస్తకాలలో చిట్టా పద్దులు రాయండి' అని ఉంటుంది. దాన్ని చదవకుండా కిందికి దూకేస్తారు. ఆ వ్యాపారి కుర్చీలో కూర్చుని మాత్రమే పద్దు రాయాలి, ఎదుటి మనిషి వైపు నుంచి కాదు.

ఇక నీ రెండో అనుమానం. డబ్బు వస్తే డెబిట్, అద్దె కడితే కూడా డెబిట్, ఇదేం న్యాయం అన్నావు. ఇక్కడ తికమక ఎక్కడంటే, అద్దె కట్టడంలో ఉన్న రెండు ఖాతాలనూ నువ్వు ఒకటిగా చూస్తున్నావు. అద్దె కడితే బ్యాంకులో డబ్బు తగ్గింది, అందుకు బ్యాంకు ఖాతా క్రెడిట్ అయింది. డబ్బు పోయిన సంగతి అక్కడితో రాసేశాం. డెబిట్ అయింది అద్దె ఖాతా. ఆ డబ్బు దేనికోసం పోయిందో అది చెబుతుంది.

మరి అద్దె డెబిట్ వైపే ఎందుకు? దీనికి సమాధానం వ్యాపార సమీకరణంలో ఉంది. వ్యాపారంలో ఉన్న ఆస్తులన్నీ ఎవరివి? కొంత బయటి అప్పులవాళ్లవి, మిగిలింది యజమానిది. ఆస్తులు = అప్పులు + మూలధనం. ఈ సమీకరణంలో ఎడమన ఉన్న ఆస్తులు ఖాతాలో కూడా ఎడమ వైపు, అంటే డెబిట్ వైపు, పెరుగుతాయి. కుడిన ఉన్న అప్పులు, మూలధనం క్రెడిట్ వైపు పెరుగుతాయి. ఏది తగ్గినా దాని ఎదురు వైపు రాస్తాం. ఆస్తులు ఎడమే ఎందుకంటే, అది ఏర్పాటు, అంతే. ట్రాఫిక్‌లో ఎడమ పక్క నడపడం లాంటిది. అందరూ ఒకే వైపు ఉంటే చాలు.

లాభం వస్తే అది యజమానిది, అంటే మూలధనం పెరుగుతుంది. మూలధనం పెరిగేది క్రెడిట్ వైపు కాబట్టి అమ్మకాలు, కమిషన్, వడ్డీ రాబడి అన్నీ క్రెడిట్. ఖర్చు పెడితే యజమాని వాటా తరుగుతుంది. మూలధనం తగ్గితే డెబిట్ కాబట్టి అద్దె, జీతాలు, హమాలీ కూలి అన్నీ డెబిట్. ఖర్చు వచ్చిన ప్రతిసారీ మూలధనం పేజీలోనే తగ్గించి రాస్తే ఆ పేజీ నిండిపోతుంది, ఏ ఖర్చు ఎంతో కూడా తెలియదు. అందుకని ఒక్కో ఖర్చుకు ఒక్కో పేజీ తెరిచి, సంవత్సరం చివర అన్నిటినీ కలిపి లాభనష్టాల ఖాతా గుండా మూలధనానికి చేరుస్తాం. ఆస్తి డెబిట్ ఉండటం, ఖర్చు డెబిట్ ఉండటం వేరు వేరు కారణాల వల్ల. మొదటిది ఆస్తి పెరిగినందుకు, రెండోది మూలధనం తగ్గినందుకు. ఒకే వైపు కనిపించాయని రెండూ ఒక జాతి అనుకోకు.

నువ్వు బట్టీ పట్టిన మూడు సూత్రాలు తప్పేమీ కాదు. పుచ్చుకునేవారికి డెబిట్, ఇచ్చేవారికి క్రెడిట్. వచ్చేదానికి డెబిట్, పోయేదానికి క్రెడిట్. ఖర్చులు, నష్టాలకు డెబిట్, ఆదాయాలు, లాభాలకు క్రెడిట్. పరీక్షలో అడుగుతారు, రాయి. కానీ వాటితో వచ్చే చిక్కేమిటంటే, సూత్రం వాడే ముందు ఖాతా ఏ రకమో సరిగ్గా గుర్తుపట్టాలి. వ్యక్తిగతమా, వాస్తవికమా, నామమాత్రమా? బ్యాంకు ఖాతాను పిల్లలు నగదుతో కలిపి వాస్తవికం అంటారు. బ్యాంకు ఒక సంస్థ, కాబట్టి అది వ్యక్తిగత ఖాతా. 'చెల్లించవలసిన అద్దె'లో అద్దె అనే మాట చూసి నామమాత్రం అనేస్తారు. అది ఇంటి యజమానికి మనం ఉన్న బాకీ, అదీ వ్యక్తిగతమే. రకం తప్పితే సూత్రం కూడా తప్పుతుంది. నా మట్టుకు నేను సమీకరణంతో ముందు జవాబు పట్టి, తర్వాత సూత్రంతో సరిచూసుకోమంటాను. రెండు దారుల్లోనూ ఒకే జవాబు రావాలి. రాకపోతే ఖాతాను ఎక్కడో తప్పు గుర్తుపట్టావన్నమాట.

ఇప్పుడు మీ మామయ్య షాపులాంటి ఒక షాపును మొదటి నెల నడిపిద్దాం. అంకెలు లెక్క తేలిగ్గా ఉండటానికి నేను వేసుకున్నవి, అసలు ధరలతో పోల్చకు. రొయ్యల మేతకు జీఎస్టీ లేదు కాబట్టి ఆ గొడవ కూడా మనకు అడ్డం రాదు. ఫస్టియర్‌కు ఇంతకంటే మంచి సరుకు దొరకదు!

యజమాని 5,00,000 రూపాయలు షాపు పేరున కరెంట్ అకౌంట్లో వేసి వ్యాపారం మొదలుపెట్టాడు. బ్యాంకు ఆస్తి, పెరిగింది, డెబిట్. మూలధనం పెరిగింది, క్రెడిట్. ఇక్కడ పిల్లలు 'మామయ్య డబ్బు మామయ్యదే కదా, బాకీ ఏమిటి?' అంటారు. పుస్తకం షాపుది. షాపు వేరు, మామయ్య వేరు. షాపు ఆయనకు 5,00,000 బాకీ ఉంది.

మేత కంపెనీ నుంచి బస్తా 2,000 చొప్పున 200 బస్తాలు, 4,00,000 రూపాయల సరుకు అరువుకు వచ్చింది. కొనుగోళ్ల ఖాతా డెబిట్, కంపెనీ ఖాతా క్రెడిట్. బ్యాంకు దీనిలోకి రాదు, ఎందుకంటే ఇంకా పైసా కదల్లేదు. లెక్కలో ఎదుటివారి పేరు ఇచ్చి, నగదు అన్న మాట లేకపోతే అది అరువు వ్యవహారమే అని పట్టుకో. కొనుగోళ్లు అంటే అమ్మడానికి కొన్న సరుకు మాత్రమే అని కూడా గుర్తుంచుకో. షాపులో బస్తాలు తూచుకోవడానికి కాటా కొంటే అది కొనుగోళ్లలోకి వెళ్లదు, ఆస్తి అవుతుంది. మేత షాపువాడికి మేత సరుకు, కాటా సామాను. కాటాలు అమ్మే షాపువాడికి కాటాయే సరుకు.

కంపెనీకి 2,50,000 బ్యాంకు ద్వారా కట్టాడు. కంపెనీకి ఉన్న బాకీ తగ్గింది, కంపెనీ డెబిట్. బ్యాంకు తగ్గింది, క్రెడిట్. చూశావా, ఇది ఖర్చు కాదు. డబ్బు పోయినంత మాత్రాన ఖర్చు అయిపోదు. ఇక్కడ బాకీ తీరింది.

ఒక రైతు బస్తా 2,300 చొప్పున 100 బస్తాలు అరువు మీద తీసుకెళ్లాడు. రైతు ఖాతా 2,30,000 డెబిట్, అమ్మకాలు 2,30,000 క్రెడిట్. డబ్బు రాకపోయినా ఆదాయం వచ్చేసింది. సరుకు అతని చేతికి వెళ్లిన రోజే అమ్మకం.

పట్టుబడి తర్వాత ఆ రైతు 1,80,000 కట్టాడు. ఇది మనం ముందే చూసింది: బ్యాంకు డెబిట్, రైతు క్రెడిట్. ఇక్కడే ఎక్కువ మంది రైతు బదులు అమ్మకాలు క్రెడిట్ రాస్తారు. డబ్బు వచ్చింది కదా, ఆదాయమే అనుకుంటారు. అలా రాస్తే ఒకే సరుకును రెండుసార్లు అమ్మినట్టవుతుంది. అమ్మకం ఎప్పుడో రాసేశాం, ఇప్పుడు వచ్చింది బాకీ వసూలు.

షాపు అద్దె 12,000 బ్యాంకు నుంచి కట్టాడు. అద్దె డెబిట్, బ్యాంకు క్రెడిట్. ఇంటి ఖర్చుకు 20,000 తీసుకున్నాడు. ఇది షాపు ఖర్చు కాదు, యజమాని తన వాటాలోంచి తీసుకున్నది. సొంత వాడకాల ఖాతా డెబిట్, బ్యాంకు క్రెడిట్.

నెల చివర ఒక్కో ఖాతాలో పెద్ద వైపు నుంచి చిన్న వైపు తీసేసి నిల్వలు కట్టాలి. బ్యాంకు ఖాతా ఒక్కటి కలిసి చేద్దాం. డెబిట్ వైపు 5,00,000, 1,80,000 కలిపి 6,80,000. క్రెడిట్ వైపు 2,50,000, 12,000, 20,000 కలిపి 2,82,000. మిగిలింది 3,98,000 డెబిట్ నిల్వ. మిగతావి నువ్వే కట్టి, నిల్వలన్నీ ఒకచోట చేర్చిన ఈ అంకణాతో సరిచూసుకో.

| ఖాతా | డెబిట్ (రూ.) | క్రెడిట్ (రూ.) |
|---|---|---|
| బ్యాంకు | 3,98,000 | |
| కొనుగోళ్లు | 4,00,000 | |
| రైతు | 50,000 | |
| అద్దె | 12,000 | |
| సొంత వాడకాలు | 20,000 | |
| మూలధనం | | 5,00,000 |
| మేత కంపెనీ | | 1,50,000 |
| అమ్మకాలు | | 2,30,000 |
| మొత్తం | 8,80,000 | 8,80,000 |

రెండు వైపులూ కలిశాయి. కలవగానే లెక్క కరెక్టు అనుకుని పెన్ను మూసేయకు. నువ్వు సగం పద్దులు తిరగేసి రాస్తున్నానన్నావు కదా, ఆ తప్పును అంకణా పట్టుకోలేదు. కావాలంటే చూడు. రైతు కట్టిన 1,80,000ను తిరగేసి, రైతు డెబిట్, బ్యాంకు క్రెడిట్ అని రాశావనుకో. బ్యాంకు నిల్వ 38,000కు పడిపోతుంది, రైతు బాకీ 4,10,000కు పెరుగుతుంది. అంకణా మొత్తం? మళ్లీ 8,80,000, రెండు వైపులా! డెబిట్‌కు సమానంగా క్రెడిట్ ఉందా లేదా అన్నదే అంకణా చూస్తుంది. ఏది ఎటు ఉండాలో దానికి తెలియదు.

మరి ఎలా పట్టుకోవాలి? నిల్వల్ని చదవాలి. ఆ రైతు మొత్తం తీసుకెళ్లిన మేతే 2,30,000. అతని బాకీ 4,10,000 ఎలా అవుతుంది? అక్కడే అనుమానం రావాలి. బ్యాంకు స్టేట్‌మెంటు తీస్తే 3,98,000 అని ఉంటుంది, మన పుస్తకంలో 38,000. రెండింటికీ తేడా 3,60,000, అంటే 1,80,000కు రెట్టింపు. తిరగేసి రాసిన పద్దు ఎప్పుడూ ఇలా రెట్టింపు తేడానే తెస్తుంది. కలపాల్సింది కలపలేదు, పైగా తీసేశాం కాబట్టి. అమ్మకాల ఖాతాకు డెబిట్ నిల్వ వచ్చినా, అద్దెకు క్రెడిట్ నిల్వ వచ్చినా, నగదు ఖాతాకు క్రెడిట్ నిల్వ వచ్చినా అదే రకం అనుమానం పడు. గల్లా పెట్టెలో సున్నా కంటే తక్కువ డబ్బు ఉండదు.

అంకణా కలవని తప్పులు వేరు. పద్దు సరిగ్గానే రాసి, ఆవర్జాలోకి, అంటే ఖాతాల పుస్తకంలోకి, ఎక్కించేటప్పుడు ఒక వైపు మాత్రమే తప్పితే మొత్తాలు కలవవు. పై లెక్కలో అద్దె 12,000ను పొరపాటున క్రెడిట్ వరసలో వేశావనుకో. డెబిట్ మొత్తం 8,68,000, క్రెడిట్ మొత్తం 8,92,000 అవుతుంది. తేడా 24,000. లెక్కంతా మళ్లీ మొదలుపెట్టకుండా ముందు ఆ తేడాను సగం చెయ్యి, 12,000 వచ్చింది. జాబితాలో 12,000 ఎక్కడుందో చూడు, దొరికిపోతుంది. అసలు ఎక్కించడమే మరచిపోయి ఉంటే తేడా సరిగ్గా 12,000 ఉంటుంది, కాబట్టి సగం చేయకుండా కూడా ఒకసారి వెతకాలి. తేడా 9తో భాగిస్తే శేషం లేకుండా పోయిందా, అంకెలు తారుమారు చేసి ఉంటావు. 3,98,000ను 3,89,000 అని రాస్తే తేడా 9,000. ఇది ఎప్పుడూ పనిచేసే మంత్రం కాదు. రెండు తప్పులు కలిసిపోతే తేడా ఏ దారీ చూపించదు. అయినా పరీక్ష హాల్లో చివరి పది నిమిషాల్లో ముందు చూడాల్సినవి ఇవే.

తికమక పెట్టే ఒక మినహాయింపు కూడా చెప్పేస్తాను, లేకపోతే మీ మామయ్య పుస్తకం చూసి మళ్లీ కంగారు పడతావు. బ్యాంకు ఖాతా ఎప్పుడూ డెబిట్ నిల్వే ఉండాలని లేదు. మేత షాపులవాళ్లలో చాలామంది బ్యాంకు దగ్గర ఓడీ, సీసీ లిమిట్లు పెట్టుకుంటారు. రైతుల దగ్గర డబ్బు పట్టుబడి దాకా రాదు, కంపెనీ మాత్రం ఆగదు కదా. అప్పుడు ఖాతాలో ఉన్నదాని కంటే ఎక్కువ వాడుకుంటారు. షాపు పుస్తకంలో బ్యాంకు ఖాతా క్రెడిట్ నిల్వకు తిరుగుతుంది. ఇప్పుడు బాకీ ఉన్నది మనం. పాస్‌బుక్కులో అదే నిల్వ డెబిట్ అని కనిపిస్తుంది. అంటే నగదుకు క్రెడిట్ నిల్వ వస్తే తప్పు చేశావు, బ్యాంకుకు వస్తే ఓడీ ఉందేమో ముందు చూడాలి. ఓడీ ఉన్నప్పుడు డబ్బు వేసినా పద్దు మారదు, బ్యాంకుకు డెబిట్టే. అప్పుడది ఆస్తి పెరిగినందుకు కాదు, బాకీ తగ్గినందుకు. ఏ కారణం అయినా వైపు ఒక్కటే కాబట్టి రాసేటప్పుడు ఓడీ ఉందో లేదో చూసుకోనక్కర్లేదు.

రాసే పద్ధతి గురించి ఒక్క మాట. చిట్టాలో క్రెడిట్ ఖాతా ముందు 'టు' అని రాయిస్తారు. దాన్ని చూసి 'డబ్బు ఎవరికి వెళ్లిందో వాళ్ల పేరు అక్కడ రాయాలి' అనుకునేవాళ్లు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. తర్వాత వచ్చేది క్రెడిట్ ఖాతా అని చెప్పే గుర్తు అది. దాని నుంచి అర్థం లాగకు.

ఇప్పుడు నువ్వు రెండు పద్దులు రాసి చూడు. పై అంకణాకు వీటిని కలుపు. మొదటిది, ఆ రైతు తడిసిన బస్తాలని 5 బస్తాలు అమ్మిన ధరకే తిరిగి ఇచ్చేశాడు, 11,500. ఇవి అమ్మకాల వాపసుల ఖాతాకు వెళ్లాలి, అమ్మకాల ఖాతాలో నేరుగా తగ్గించకు. రెండోది, బ్యాంకు సర్వీస్ చార్జీల కింద 590 తీసుకుంది. మీ మామయ్య ఫోనుకి దాని మెసేజ్ డెబిటెడ్ అని వస్తుంది. ఇప్పటిదాకా చదివాక నీ పుస్తకంలో బ్యాంకుకు ఏ వైపు రాయాలో నేను చెప్పక్కర్లేదు, ఇంకో ఖాతా ఏమిటో కూడా. సరిగ్గా రాస్తే రైతు బాకీ 38,500, బ్యాంకు నిల్వ 3,97,410, అమ్మకాల వాపసులు 11,500 డెబిట్ రావాలి. అంకణా మొత్తం మాత్రం 8,80,000 దగ్గరే ఉంటుంది. బ్యాంకు 3,98,590 వస్తే మెసేజ్ చూసి రాశావన్నమాట. పద్దులు రాసిన కాగితం సోమవారం స్టాఫ్ రూంకి తీసుకురా.